ఇరవై నాలుగో కంతు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని నేను చాలా ఏళ్లు నిజాయితీ అనుకుని మురిసిపోయాను. ఆ మురిపెం ఎక్కడ దిగిందో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గుతో తల దించుకోవాల్సి వస్తుంది.

మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. తమ్ముడు పట్టుచీరలు నేస్తాడు. నేను బెళుగుప్ప హైస్కూల్లో లెక్కలు చెబుతాను, ఆదివారాలు ఇంటికి వస్తాను. పాత ఇల్లు కురుస్తుంటే పడగొట్టి కట్టుకోవడానికి ఒక ఇళ్ల రుణాల కంపెనీలో తమ్ముడి పేర ఎనిమిది లక్షలు తీసుకున్నాం. పక్కన నా సంతకం కూడా ఉంది. ఏడాదికి పన్నెండు శాతం, పదిహేనేళ్లు, నెలకు తొమ్మిది వేల ఆరు వందల ఒక్క రూపాయి. సగం నేను పంపేవాణ్ణి, సగం తమ్ముడు వేసేవాడు. ప్రతి నెలా చీర షావుకారు అంగడికి పోయే మా తమ్ముడి భార్యే, అంటే నా మరదలే, ఆ దారిలో కంపెనీ ఆఫీసుకు పోయి నగదు కట్టి వచ్చేది.

రెండేళ్లు నిండిన నెలలో కంపెనీ నుంచి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఇంకా ఏడు లక్షల యాభై ఆరు వేల ఎనిమిది వందల పదిహేను బాకీ అని. ఇరవై నాలుగు కంతులంటే రెండు లక్షల ముప్పై వేలకు పైనే కట్టాం. బాకీలో తగ్గింది నలభై మూడు వేలా?

ఆ ఆదివారం ఇంటికి రాగానే చెప్పులు కూడా సరిగా విడవకుండా పేపరు అంచు మీద లెక్క వేశాను. మా నాయన లెక్కే వేశాను. నాయన తెచ్చుకున్న అడ్వాన్సులో షావుకారు చీరకింత అని ఒకే మొత్తం అసలులో పట్టుకునేవాడు, వడ్డీ వేరే. పుట్టినప్పటి నుంచి చూసిన లెక్క అది. ఎనిమిది లక్షల్ని నూట ఎనభై నెలలకు పంచితే నెలకు నాలుగు వేల నాలుగు వందల నలభై నాలుగు. రెండేళ్లకు లక్షా ఆరు వేలు తగ్గాలి. అంటే అరవై మూడు వేల చిల్లర కనబడడం లేదు.

"రసీదులు తీసకరామ్మా" అన్నాను. మరదలు ప్లాస్టిక్ కవరు తెచ్చింది. మిషన్‌లో వచ్చే ఆ చీటీలు చాలావరకు వెలిసిపోయి తెల్లగా ఉన్నాయి.

"ఇదేం రసీదు? దీంట్లో ఏముండాది?"

"ఇచ్చినప్పుడు అచ్చు బాగానే ఉండె బావా. ప్రతి నెలా కట్టినా."

"కట్టింటే అరవై మూడు వేలు యాడికి పోయినాయి?"

మగ్గం ఆగిపోయింది. తమ్ముడు మగ్గం గుంటలోంచి లేవలేదు. ఎదురింటి పెద్దమ్మ అప్పుడు మా వసారాలో కూర్చుని కండెలకు దారం చుడుతోంది. ఆమె చేయి కూడా ఆగింది. మరదలు నా వైపు కాదు, ఆమె వైపు చూసింది. అంత జరుగుతున్నా నాకు నోరు మూసుకోవాలనిపించలేదు. "పుట్టింటికేమన్నా పంపినావేమో, చెప్తే పోయె" అని కూడా అన్నాను. ఛీ, ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా నా నాలుక నాకే చేదు.

మర్నాడు మరదలు మెడలో గొలుసు కుదువ పెట్టి అరవై మూడు వేల ఐదు వందలు తెచ్చి ఆ అప్పులోనే కట్టేసింది. సాయంత్రం తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. నేనేమనుకున్నానంటే, తప్పు లేకపోతే ఎందుకు కడుతుంది, అనుకున్నాను. పైగా నా లెక్క తేలిందని తృప్తిగా అన్నం తిన్నాను.

పది రోజుల తర్వాత కంపెనీవాళ్లు నన్ను కూడా రమ్మన్నారు. ముందుగా కట్టిన డబ్బుకు కంతు తగ్గించాలా, నెలలు తగ్గించాలా అని సంతకం కావాలట. మరదలూ నేనూ పోయాం. అక్కడ కౌంటర్లో ఉన్న అమ్మాయి పాత పట్టిక, కొత్త పట్టిక రెండూ నా ముందు పెట్టింది.

పాత దాంట్లో మొదటి వరస చూశాను. కంతు 9,601. వడ్డీ 8,000. అసలు 1,601. మిగిలిన బాకీ 7,98,399. రెండో వరసలో వడ్డీ 7,984, అసలు 1,617.

ఎనిమిది లక్షలకు నూటికి రూపాయి చొప్పున నెల వడ్డీ ఎంత? ఎనిమిది వేలు. ఐదో తరగతి పిల్లవాడు చెబుతాడు. కంతులో ముందు ఆ నెల వడ్డీ పోవాలి, మిగిలిందే అసలులో పడాలి. బాకీ కాస్త తగ్గితే మరుసటి నెల వడ్డీ పదహారు రూపాయలు తగ్గుతుంది, ఆ పదహారూ అసలులో చేరతాయి. కంతు మారదు, లోపలి వాటాలే మారతాయి. వేలితో కిందికి పోయాను. నూట పన్నెండో కంతుకు గాని అసలు వాటా వడ్డీని దాటలేదు. చివరి కంతులో వడ్డీ వంద కూడా లేదు. వేలు మళ్లీ పైకి తెచ్చి ఇరవై నాలుగో వరస దగ్గర ఆపాను. బాకీ 7,56,815.

ఒక్క రూపాయి తేడా లేదు. మరదలు ఒక్క నెల కూడా తప్పలేదు.

"ఈ పట్టిక మాకెందుకు ఇయ్యలేదమ్మా?" అన్నాను. కోపం తెచ్చుకోవడానికి ఇంకెవరైనా దొరుకుతారేమోనని.

"మొదటి పొద్దే ఇచ్చినాం సార్. ప్రతి పేజీలో మీ సంతకం ఉండాది సూడండి. మొన్న మేడమ్ డబ్బు కట్టినాక అడిగితే ఆమెకు కూడా వరస వరస చెప్పినా. మంచి పని చేసినారు సార్, కంతు ఇట్లే ఉంచుకుంటే ఇరవై ఏడు నెలలు తగ్గిపోతాయి."

ఆ అమ్మాయి నవ్వుతూ చెబుతోంది. ఇరవై ఏడు నెలలంటే రెండున్నర లక్షలకు పైమాటే. గొలుసు డబ్బు తీసేసినా నా అబద్ధపు నింద మా ఇంటికి రెండు లక్షల దాకా మిగిల్చింది. నెలలే తగ్గించమని సంతకం పెట్టాను.

బయటికొచ్చాక అడిగాను. "తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదు?"

"లెక్కల అయ్యవారు మీరు. మీకు నేనేం చెప్పేది బావా?"

ఎత్తిపొడుపు కూడా కాదది, అలసట.

"గొలుసు నేను విడిపిస్తానమ్మా. తప్పయిపోయినాది."

"గొలుసు మేము విడిపించుకుంటాంలే. ఆ పొద్దు ఎవరి ముందర అడిగినారో వాళ్ల ముందర చెప్పండి, సాలు."

ఇంటికి రాగానే తమ్ముడికి చెప్పాను. వాడు దారం అతుకుతూ తల ఊపాడు, నా మొహం చూడలేదు. తర్వాత మరదలు వెనక నిలబడి ఉండగానే వసారాలోకి పోయి, కండెలు చుడుతున్న పెద్దమ్మ ఎదురుగా కూర్చున్నాను. పట్టిక విప్పి, వడ్డీ ముందు ఎందుకు పోతుందో, అసలు ఎందుకు ఆలస్యంగా తగ్గుతుందో చెప్పాను. తప్పు నాదేనని, ఆ పిల్ల పైసా ముట్టుకోలేదని గట్టిగా చెప్పాను.

పెద్దమ్మ ఓపిగ్గా విన్నది. కండె పక్కన పెట్టి నా మోకాలు తట్టింది.

"పోనీలే నాయనా. ఇంటి గుట్టు కాపాడుకోవాల్సిందే గదా, నాకు తెలీదా? ఏదో చేయి జారింది, గొలుసు పెట్టి మళ్లా కట్టేసింది. ఇంక ఆ ఊసెత్తొద్దు."

"లేదు పెద్దమ్మా, తీసుకోనేలేదు" అన్నాను.

"సరేలే, అట్లే అనుకుందాం" అన్నది.

నేను వెనక్కి తిరిగేసరికి మరదలు లోపలికి వెళ్లిపోయింది.