హెడ్‌ఫోను కోసం పోయిన హార్మోనియం

మా తమ్ముడు మొహిద్దీన్ బాషా సత్తెనపల్లిలో విత్తనాల కొట్లకు ప్రచారం పాటలు కట్టి రికార్డు చేసేవాడు. హార్మోనియం తనే వాయించేవాడు. 2007లో కంప్యూటరు కొన్నాడు. పక్కనున్న మార్కెట్ యార్డు నుంచి వచ్చే మిరప దుమ్ము పడకూడదని దాన్ని నేనే చెక్క బీరువాలో పెట్టించి, ముందు భాగం మాత్రం కనిపించేలా గోడకు ఆనించి బిగింపజేశాను.

వాడు హెడ్‌ఫోను తెచ్చి కంప్యూటరు ముందున్న రంధ్రంలో పెడితే చప్పుడే లేదు.

"వెనక తగిలించిన స్పీకర్లు మోగుతున్నాయిగా ఆపా. ఒకసారి మూత విప్పి చూద్దాం."

"యార్డులో మిరపకాయలు పోస్తుంటే మూత తీస్తావా, తెలివైనోడా! లోపలి సౌండు నాసిరకంరా. విడిగా సౌండు పెట్టె కొనుక్కో."

నాకు ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. వాడు హార్మోనియం అమ్మి, కంప్యూటరుకు బయట తగిలించే యూఎస్‌బీ సౌండు పెట్టె తెచ్చాడు. హెడ్‌ఫోను దానికి పెడితే చక్కగా వినపడింది. గెలిచానని మురిసిపోయాను.

వానాకాలంలో కంప్యూటరు లోపలి ఫ్యాను మార్చడానికి వచ్చిన మెకానిక్కు త్రినాథ్ మూత తీశాడు. ముందు రంధ్రం తాలూకు తీగ మదర్‌బోర్డుకు తగిలించకుండా వేలాడుతోంది. తగిలించగానే హెడ్‌ఫోనులో పాట వచ్చింది.

"మైకుకైతే ఆ పెట్టె మంచిదే మామ్మగారూ, గరగర తక్కువ. వినడానికి మాత్రం లోపలిదే సరిపోయేది."

హార్మోనియం కొన్నవాడిని వెతుక్కుంటూ నల్లపాడు వెళ్లాను. ఎవరికో అమ్మేశానన్నాడు.

"పోనీలే ఆపా," అన్నాడు బాషా. నన్ను తిట్టినా బాగుండేది. ఇప్పుడు కొట్లవాళ్లు పాట అడిగితే, వాడు బాణీ లేకుండా వట్టి మాటలు చదివి రికార్డు చేసి ఇస్తున్నాడు.