తేదీని ఎగదోసే బటన్

మా తాతగారి సెల్‌ఫోన్లో ఒక ఏడాది పదమూడో నెల వచ్చింది. నవ్వకండి, నేను కళ్లారా చూశాను. అప్పుడు నేను అమలాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. శనివారం వచ్చిందంటే చాలు, రాజోలు బస్సెక్కి అమ్మమ్మ వాళ్లింట్లో వాలిపోయేదాన్ని. చదువుకుందామని వచ్చానని చెప్పేదాన్ని గానీ, అసలు పని అమ్మమ్మ పనసాకు బుట్టల్లో ఇడ్లీల్లా ఉడికించే పొట్టిక్కలు తినడమూ తాతగారి ఫోనుతో ఆడుకోవడమూ.

తాతగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఊళ్లో ఆయనకి జీతం లేని ఉద్యోగం ఇంకొకటి ఉండేది. ఎవరింట్లో ఎవరు ఏ తిథినాడు పోయారో ఆయనకి నోటికి వచ్చు. ఒక్క కాగితం మీద కూడా ఉండేది కాదు. రాజోలు చుట్టుపక్కల నలభై ఇళ్లకి, తద్దినానికి ముందురోజు పొద్దున్నే, "రేపు మీ నాన్నగారి తిథండీ" అని కబురు వెళ్లాల్సిందే. ఆయన చెప్పాక ఎవరూ మళ్లీ పంచాంగం తిప్పి చూసుకునేవారు కాదు. అంత నమ్మకం.

మస్కట్‌లో ఉన్న మా మావయ్య ఆయనకి కొత్త ఫోను పంపాడు. ఆ ఏడాది ఉగాదికి తాతగారు కొత్త పంచాంగం ఒళ్లో పెట్టుకుని, ఏ తిథి ఏ ఇంగ్లీషు తేదీన పడుతుందో చూసుకుంటూ, నలభై తద్దినాలనీ ఫోను క్యాలెండర్లోకి ఎక్కించారు. ఒక్కో దానికీ ముందురోజు పొద్దున్న ఆరింటికి మోగేలా పెట్టారు. మూడు రోజులు పట్టింది. "వచ్చే ఉగాదికి తేదీలన్నీ మారిపోతాయి కదండీ, మళ్లీ ఎక్కించాలా?" అని నేనంటే, "ఆయ్, ఎక్కిస్తాను" అన్నారు. ఆయన హుషారు చూసి నాకు ముచ్చటేసింది.

ఆగస్టులో ఆ ఫోను మాటిమాటికీ బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. బజార్లో సెల్ షాపతను దాన్ని చూసి, "అప్‌డేట్ చెయ్యాలండీ మాస్టారూ" అన్నాడు. లోపల ఉన్నదంతా కంప్యూటర్లోకి నకలు తీసుకుని, ఫోన్లో పాత సాఫ్ట్‌వేరు తుడిచేసి కొత్తది వేసి, నకలు మళ్లీ లోపల పెట్టాడు. అంతవరకూ సవ్యంగానే చేశాడు. అప్‌డేట్ తరవాత ఫోను కొత్తగా పుట్టినట్టే లేస్తుంది కాబట్టి తేదీ అడిగింది. ఆ రోజు ఆగస్టు ఐదు. అతను మన అలవాటు ప్రకారం ముందు రోజూ తరవాత నెలా, సున్నా ఐదు, సున్నా ఎనిమిది కొట్టాడు. కొత్త సాఫ్ట్‌వేరుకి అమెరికా పద్ధతి, ముందు నెల, తరవాత రోజు. అంటే ఫోను లెక్కలో అది మే ఎనిమిది. తెర మీద మాత్రం 05/08 అని చక్కగా కనపడుతోంది. షాపతనికీ అనుమానం రాలేదు, తాతగారికీ రాలేదు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఫోను మోగింది. రేపు ఫలానా పి.గన్నవరం రైతుగారి తండ్రి తిథి అంది. వైశాఖంలో అయిపోయిన తిథి అది. ఫోనుకేం తెలుసు, దానికింకా మే నెలే నడుస్తోంది. తాతగారు నిద్రకళ్లతోనే ఆ రైతుకి ఫోన్ చేశారు.

"రేపు మీ నాన్నగారి తిథి నాయనా."

ఆ రైతు ఎంతో వినయంగా, "ఆయ్... ఎండాకాలంలో పెట్టేమండి మాస్టారూ. మళ్లీ పెట్టాలాండీ?" అన్నాడట.

తాతగారికి అప్పటికే చెవులు కొంచెం మందం. "ఆయ్, పెట్టాలి" అనేశారు.

ఇంకో ఊళ్లో అయితే ఎదురు ప్రశ్న వేసేవారు. మా కోనసీమలో మాస్టారు చెప్పాక ఎదురు ప్రశ్న వెయ్యడం మర్యాద కాదు. ఆ రైతు పంతులుగారిని పిలిచి, గారెలు వండించి, శ్రావణంలో తండ్రికి రెండోసారి తద్దినం పెట్టేశాడు. పైగా ప్రసాదం అని ఓ గిన్నెడు గారెలు మా ఇంటికి పంపించాడు. ఆ గారెలు చూశాకే తాతగారికి విషయం తెలిసింది. అవి ఆయన ముట్టలేదు. అమ్మమ్మ మాత్రం, "బావున్నాయి" అంటూ నాలుగు తింది.

ఆ రోజు నుంచి ఆయన ఫోను తేదీ మీద కన్నేశారు. నిన్న 05/09, ఇవాళ 05/10, రేపు 05/11. ఐదో తేదీ ఐదో తేదీగానే ఉంది, నెల మాత్రం రోజుకొకటి చొప్పున గెంతుతోంది! సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు! శనివారం నేను హాస్టల్ నుంచి బయల్దేరలేకపోయాను. ఆదివారం మధ్యాహ్నం వెళ్లేసరికి వాకిట్లోనే ఫోను నా ముఖం మీద పెట్టారు.

"చూడమ్మడూ, పదమూడో నెల వచ్చింది. మన పంచాంగంలో అధిక మాసం ఉంటుంది, ఒప్పుకుంటాను. ఇంగ్లీషు వాళ్లకి కూడా ఎప్పట్నించి మొదలైందే?"

నేను అరుగు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. తరవాత తేదీ సరిచేసి, రోజు ముందుండేలా సెట్టింగు మార్చి, జరిగిందంతా కాగితం మీద గీసి మరీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విని, తెలుగు మాస్టారు కదా, పదం విరిచారు.

"అప్ అంటే పైకి. డేట్ అంటే తేదీ. అప్‌డేట్ అంటే తేదీని పైకి తొయ్యడం. పేరులోనే చెప్పేడు కదే వాడు, మనమే వినలేదు!"

ఆ వ్యుత్పత్తిని ఇక బ్రహ్మదేవుడు కూడా కదిలించలేకపోయాడు.

తరవాత తప్పు నాదే. క్రికెట్ స్కోరు చూసుకోవచ్చని ఆయన ఫోన్లో నెట్టు వేయించాను. కార్తీకమాసం వచ్చేసరికి అది గాలిలోంచే ఇంకో అప్‌డేట్ కనిపెట్టింది. దింపుకోమంటావా అని అడిగితే, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నేను సరే అనేశాను. దిగడం వరకూ ప్రమాదం లేదు, ఎప్పుడైనా ఆపెయ్యొచ్చు. ఎక్కించడమే అసలు సంగతి. దిగిన దగ్గర్నుంచీ, "ఇప్పుడు ఎక్కించమంటారా?" అని రోజుకోసారి తెర మీద ఓ పెట్టె తెరుచుకునేది. ఎడమ బటన్ నొక్కితే అవును, కుడి బటన్ నొక్కితే తరవాత. ఆయన కుడి బటన్‌ని అరిగిపోయేలా నొక్కేవారు.

చిక్కేమిటంటే, పొద్దున్నే తిథి మోత ఆపేది కూడా ఆ ఎడమ బటనే. మోత ఆపబోయి అప్‌డేట్ నొక్కేస్తానేమోనని ఆయన అసలు ఆపడమే మానేశారు. అది మోగి మోగి దానంతట అదే ఊరుకోవాలి. వీధి వీధంతా లేచేది. ఎక్కించాలంటే బ్యాటరీ సగానికి పైన ఉండాలని నేను నోరు జారాక, ఛార్జింగు రెండు గీతలు దాటనిచ్చేవారు కాదు. మూడో గీత వచ్చిందంటే ప్లగ్గు పీకెయ్యడమే. సాయంత్రానికల్లా ఫోను చచ్చి ఊరుకునేది.

ఓ శనివారం రాత్రి పాపం అమ్మమ్మ, ఫోనుకి కడుపు నిండా పెడదామని, ఆయన నిద్రపోయాక ఛార్జింగుకి పెట్టింది. ఆదివారం ఆరింటికి మోత మొదలైంది. అమ్మమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి ఎడమ బటన్ నొక్కింది. మోత ఆగింది. మళ్లీ మొదలవుతుందేమోనని ఇంకోసారి గట్టిగా నొక్కింది. ఆ రెండో నొక్కుకి ముందే పెట్టె తెరుచుకుని ఉంది.

ఫోను ఆరిపోయి, తెల్లటి తెర మీద సన్నటి గీత ఒకటి నెమ్మదిగా నిండడం మొదలైంది.

"ఏం నొక్కేవే?" అని తాతగారు మంచం మీంచి లేచి ఫోను లాక్కున్నారు. వెనక మూత తీసేశారు. గోరు బ్యాటరీ కిందకి పోనిచ్చారు.

"తాతగారూ, వద్దండీ!" అని నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. "ఇప్పుడు తీస్తే సగం పాతదీ సగం కొత్తదీ అయిపోయి ఇంక లేవదండీ. లోపలున్న తిథులన్నీ పోతాయి!"

ఆయన గోరు అక్కడే ఆగిపోయింది. అమ్మమ్మ ఫోనుకే దణ్ణం పెట్టింది.

"పోతే పోయేయండీ, మీకు నోటికి వచ్చు కదా" అంది ఆయన్ని సముదాయిస్తూ.

తాతగారు ఫోను నా చేతిలో పెట్టి మంచం మీద కూర్చున్నారు. "ఇప్పుడు నోటికి రావడంలేదే" అన్నారు. "రెండేళ్లయింది. ఒకరి తిథి అనుకుంటే ఇంకొకరిది వస్తోంది. అందుకే దాన్లో ఎక్కించేను. అది పోతే నా దగ్గర ఏం లేదు."

ఉగాదికి ఆయన హుషారు చూసి ముచ్చటపడ్డానని చెప్పాను కదా. అది హుషారు కాదు, భయం. నాకు ఏడుపొచ్చింది. గీత చూస్తే సగం దగ్గర భీష్మించుకుని కూర్చుంది. ఆ ఫోనుని ఆ క్షణంలో తిట్టినన్ని తిట్లు నేను మనిషిని ఎవరినీ తిట్టలేదు. అమ్మమ్మ వెళ్లి ఆయనకి కాఫీ తెచ్చి ఇచ్చింది.

పది నిమిషాలకి గీత నిండింది. తెర నల్లబడింది. ఫోను ఒకసారి వణికి, బొమ్మా పాటా అన్నీ అయ్యి లేచింది. తేదీ అడగలేదు. రోజు, నెల, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. క్యాలెండరు తెరిచాను. షాపులో వేసినప్పుడు అంతా తుడిచారు గానీ, ఈ రకం అప్‌డేట్ మనం దాచుకున్నవాటి జోలికి పోదు. ఉగాది దాకా అన్ని తిథులూ వరసగా ఉన్నాయి. నేను మంచం చుట్టూ గెంతాను. అమ్మమ్మ, "వెధవది, నా ప్రాణం తీసింది" అని ఫోనుని మొట్టింది.

తాతగారు గెంతలేదు. పంచాంగం తీసి, ఫోను చెప్పిన తేదీ పక్కన వేలు పెట్టి, తిథి సరిపోయిందని రెండుసార్లు చూసుకున్నారు. చూసుకుని ఫోను నాకే ఇచ్చారు.

"నువ్వు చెప్పమ్మడూ. ఇవాళ నా గొంతు సరిగ్గా లేదు."

సఖినేటిపల్లిలో ఒకావిడకి చేశాను. "రేపు మీ అత్తగారి తిథండీ" అంటే, "ఎవరండీ మాటాడేది?" అంది. మాస్టారి మనవరాల్నండీ అన్నాను. "ఆయ్. మీరు చెప్తే ఆయన చెప్పినట్టే కదండీ" అంది. అది విని తాతగారు గట్టిగా ముక్కు చీదుకున్నారు.

ఆ పూటే నాచేత పెద్ద నోటు పుస్తకం తెప్పించి ఒక్కో ఇంటి తిథీ చెప్పి రాయించడం మొదలుపెట్టారు. చాలావరకు గడగడా చెప్పేశారు. కొన్నిచోట్ల ఆగిపోయి, కళ్లు మూసుకుని, వేళ్లు లెక్కపెట్టుకున్నారు. జవాబు నా చేతిలో ఉన్న ఫోన్లోనే ఉంది. ఆయన కళ్లు తెరిచేదాకా నేను దాని వంక చూడలేదు.