అన్నిటికీ ఒకటే గ్యాస్ గోలి

గ్యాస్ గోలి అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మేడ్చల్‌లో షేర్ ఆటోలు ఆగే చోటుకు దగ్గర్లో ఒక మందుల దుకాణం ఉంది. ఫార్మసీ డిప్లొమా పూర్తిచేశాక అందులోనే నా మొదటి ఉద్యోగం. రెండేళ్లు ఆ కౌంటర్ వెనక నిలబడ్డాను. రాత్రి పెళ్లి విందులో గట్టిగా తిన్నవాళ్లూ, దుండిగల్ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలూ, టీలు తాగి పొద్దంతా ఆటో నడిపేవాళ్లూ, అందరూ వచ్చి అడిగేది ఒక్కటే: గ్యాస్ గోలి. ఎడమ చెయ్యి లాగుతూ చెమటలు పడుతున్న మనిషి కూడా ఒకసారి అదే అడిగాడు. ఆయనను బయట ఆగి ఉన్న ఆటోలోనే ఆసుపత్రికి పంపించాం. అంతవరకు మా యజమానికి కూడా తెలివి ఉంది.

మిగతా రోజుల్లో ఆ ఒక్క మాట వెనక మూడు రకాల మందులు ఉన్నాయన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఒకటి, నమిలే బిళ్లలు, గులాబీ రంగు ద్రావణం. కడుపులో అప్పటికే ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తాయి. కొద్ది నిమిషాల్లో మంట తగ్గుతుంది, గంట రెండు గంటల్లో వాటి పని అయిపోతుంది. థైరాయిడ్ బిళ్లకో, ఐరన్ బిళ్లకో దగ్గరగా వేసుకుంటే వాటిని ఒంటికి పట్టనివ్వవు. రెండోది ఫామోటిడిన్ లాంటి బిళ్ల. ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తుంది. పని మొదలుపెట్టడానికి అరగంట నుంచి గంట పడుతుంది కానీ సగం రోజు కాపాడుతుంది. కాకపోతే రోజూ వేసుకుంటూ పోతే రెండు వారాల్లో ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. మూడోది పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ జాతి. కడుపులో ఆమ్లాన్ని తోడే పంపులనే మూసేస్తుంది. ఖాళీ కడుపున, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. పూర్తి బలం చూపడానికి కొన్ని రోజులు పడుతుంది. వారంలో రెండు మూడుసార్లు మంట వచ్చేవాళ్లకు, కొన్ని వారాల పాటు, డాక్టర్ చెబితే వాడాల్సిన మందు అది. నిన్నటి బిర్యానీకి అది జవాబు కాదు.

మా దుకాణంలో అందరికీ ఇచ్చేది ఆ మూడోదే. డాక్టర్ రాసిన చీటీ అడిగేవాళ్లం కాదు. పొద్దున తిన్న మిర్చి బజ్జీకి మధ్యాహ్నం గుండెలో మండుతుంటే, భోంచేసి వచ్చి అక్కడే నీళ్లు అడిగి మింగేవాళ్లు. పది నిమిషాలు బెంచీ మీద కూర్చుని, తగ్గలేదని ఇంకోటి అడిగేవాళ్లు. ఆ పది నిమిషాల్లో పని చేసేది నమిలే బిళ్ల అని నాకు తెలుసు. నోరు తెరిచేదాన్ని కాదు. పదిమంది మగవాళ్లు నిలబడిన చోట నా గొంతు నాకే వినపడదు. ఇంటికి వెళ్లే బస్సులో కూర్చుని, ఆ రోజు ఎవరికి ఏం చెప్పాల్సిందో డైరీలో శుభ్రంగా రాసుకునేదాన్ని. రెండేళ్ల డైరీల నిండా నేను చెప్పని మాటలే.

ఇంకొక పద్ధతి ఉండేది. పది బిళ్లల పట్టీని యజమాని కత్తెరతో రెండేసి, మూడేసి ముక్కలు చేసి ఒక డబ్బాలో వేసి ఉంచేవాడు. పేరు ఒక ముక్కలో పోయేది, గడువు తేదీ ఇంకో ముక్కలో పోయేది. కొనేవాడి చేతికి వెళ్లేది వెండి రంగు ముక్క, లోపల పసుపు పచ్చ బిళ్ల. నొప్పి బిళ్లలకూ అదే కత్తెర, ఇంకో డబ్బా. జనం కూడా పేర్లు అడిగేవాళ్లు కాదు. గ్యాస్ గోలి, నొప్పి గోలి, జ్వరం గోలి.

మేమంతా చాచీ అని పిలిచే కూరలామె ఆ రెండు డబ్బాల మనిషి. షామీర్‌పేట వైపు పల్లెలో వాళ్లకు కొంచెం పొలం ఉంది. పాలకూర, మెంతికూర, కొత్తిమీర కోసుకుని తెల్లవారుజామున ఆటోలో తెచ్చి, మా దుకాణం మెట్ల పక్కన గోనెపట్టా పరుచుకుని మధ్యాహ్నం దాకా అమ్మేది. అరవై దాటి ఉంటాయి. మోకాళ్లు పోయాయి. లేవాలంటే మా మెట్టు పట్టుకుని, అల్లాను తలుచుకుని, మూడు దఫాలుగా లేచేది. రోజూ ఒక నొప్పి గోలి, ఒక గ్యాస్ గోలి తీసుకునేది. రెండూ నడుముకు కట్టుకున్న చిన్న గుడ్డసంచిలో, ఒక్కచోటే.

ఆమె నన్ను "బిడ్డా" అని పిలిచేది. నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక కొత్తిమీర కట్ట కౌంటర్ మీద పెట్టేది. నేను మాట్లాడకపోయినా ఆమెకు పట్టింపు లేదు, ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో ఆమె మాటలు తగ్గాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పెదవులు తెల్లబడ్డాయి. కట్ట విప్పడానికి వంగితే కళ్లు తిరుగుతున్నాయని గోడకు ఆనుకుని కూర్చునేది. గ్యాస్ గోలీలు రోజుకు మూడు అడుగుతోంది. నాకు అనుమానం వచ్చింది సోమవారం. చదువుకున్నదాన్ని, అడగాల్సిన ప్రశ్న ఏమిటో తెలుసు. లోపల నెత్తురు కారుతుంటే మలం నల్లగా వస్తుంది, అలా వస్తోందా అని అడగాలి. మెట్ల మీద ఆటోవాళ్లు కూర్చుని ఉన్నారు, కౌంటర్ దగ్గర యజమాని ఉన్నాడు. ఆ మాట నా నోట ఎలా వస్తుంది? సోమవారం పోయింది. మంగళవారం పోయింది. బుధవారం డైరీలో ఆ ప్రశ్నను మూడు రకాలుగా రాసి, మూడూ మర్యాదగా ఉన్నాయో లేదో చూసుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు చూస్తే నన్ను నేను లాగి కొట్టాలనిపిస్తుంది.

గురువారం ఆమె గోలి అడగడానికి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయింది. నేను కౌంటర్ దాటి వచ్చి, నీళ్ల సీసా ఇస్తున్నట్టుగా పక్కన చతికిలపడి, చెవిలో అడిగాను.

ఆమె నా వైపు చూసి నవ్వింది. "పెండ్లి గాని పిల్లవు, గిదేం అడుగుడు బిడ్డా?"

"చెప్పు చాచీ."

నవ్వు పోయింది. "తారు లెక్క వస్తాంది. పది దినాలాయె. నల్ల ద్రాక్ష తిన్న, గందుకే అనుకున్న."

ఐరన్ బిళ్లలు ఏమైనా వేసుకుంటున్నావా అని అడిగాను, వాటికీ నల్లగా వస్తుంది కాబట్టి. లేదంది. సంచి తీయించి చూశాను. పేర్లు లేని వెండి ముక్కలు, రెండు రకాలూ కలిసిపోయి ఉన్నాయి. కలిసిపోయాయని కంగారుపడ్డాను కానీ, ఆమె వాటిని బాగానే గుర్తుపడుతుంది. రంగు చూసి వేరు చేసి చూపించింది. అసలు సంగతి నేను అనుకున్నదానికంటే ఘోరంగా ఉంది.

"మంట లేస్తే గీ పసుపుది ఏస్త. కడుపుల నొప్పి లేస్తే మాత్రం నొప్పి గోలి. నొప్పి అంటే నొప్పే గద బిడ్డా, మోకాల్ల ఉంటేంది, కడుపుల ఉంటేంది?"

మోకాలి కోసం ఇచ్చిన ఆ బిళ్ల కడుపు లోపలి పొరను తినేస్తుంది. పొర పుండైతే నొప్పి లేస్తుంది. ఆ నొప్పికి ఆమె మళ్లీ అదే బిళ్ల, అదీ ఖాళీ కడుపున వేస్తోంది. పసుపు బిళ్ల మంటను కాస్త అణిచి ఉంచుతోంది, లోపల జరుగుతున్నది బయటికి తెలియకుండా. ఆ రెండూ మా డబ్బాల్లోంచి వెళ్లినవే. కొన్ని నా చేత్తో ఇచ్చినవే. తప్పు ఆమెది కాదు. నొప్పి గోలి అని పేరు పెట్టి ఇచ్చినవాళ్లం మేము, ఏ నొప్పికో చెప్పనివాళ్లం మేము.

ఇవాళే పెద్ద దవాఖానకు పోవాలని చెప్పాను. యజమాని విన్నాడు. నన్ను చూసి నవ్వి, "ఏంది డాక్టరమ్మా, గ్యాస్‌కు గూడ పెద్ద దవాఖానకు తోలుతున్నవా?" అన్నాడు. ఆటోవాళ్లు కూడా నవ్వారు. ఎండకు అట్లా అవుతుందనీ, రెండు రోజులు గోలీలు రెట్టింపు వేస్తే సర్దుకుంటుందనీ చాచీకి చెప్పాడు. గులాబీ రంగు ద్రావణం సీసా ఒకటి కూడా తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదని చాలామంది అంటారు. నాకు అక్కర్లేదు ఆ మాట.

చాచీ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. కూర సగం కూడా అమ్ముడుపోలేదు. కొడుకు పనిలో ఉన్నాడు. దవాఖాన అంటే రోజంతా పోతుంది. ఆమె చెయ్యి ఆ సీసా వైపు వెళ్లింది.

"చాచీ, అది ముట్టకు," అన్నాను. నా గొంతు మెట్ల మీదివాళ్లందరికీ వినపడింది. "ఇది గ్యాస్ కాదు. లోపల నెత్తురు కారుతాంది. గీ దుకాన్ల ఉన్న ఏ గోలీతోని ఆగదు. నీ కొడుక్కు నేను ఫోన్ జేస్త."

ఎవరూ నవ్వలేదు. ఆమె నంబరు చెప్పింది. కొడుకు వచ్చేదాకా నేను మెట్టు మీదే కూర్చున్నాను. యజమాని రెండుసార్లు లోపలికి రమ్మన్నాడు, వెళ్లలేదు.

కడుపులోకి గొట్టం వేసి చూశారట. పుండు, దాని అంచున నెత్తురు. మూడు సీసాల రక్తం ఎక్కించారు. ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టర్ కొడుక్కి చెప్పాడు, కొడుకు నాకు చెప్పాడు. నల్లగా మొదలైంది పదిరోజుల కింద. అందులో మూడు రోజులు నేను మర్యాద చూసుకున్నవి.

మూడు వారాల తర్వాత చాచీ చీటీ పట్టుకుని వచ్చింది. చీటీలో రాసింది పాంటాప్రజోలే. యజమాని దాన్ని అందుకుని, చదివి, నలుగురికీ కనబడేలా ఎత్తి పట్టాడు. "సూడుండ్రి. నేనిచ్చింది గదే గోలి. దవాఖానోళ్లు గూడ గదే రాసిండ్రు."

ఆయన ఎత్తి పట్టిన చీటీ మీద వేలు పెట్టాను.

"గోలి గదే సార్," అన్నాను. "రోజూ పొద్దుగాల, తినేటానికి అర్ధగంట ముందు, ఎనిమిది వారాలు అని రాసిండ్రు. నొప్పి గోలి ముట్టొద్దని కింద గీత గొట్టి రాసిండ్రు. గీ రెండు మాటల్ల మనం ఏది జెప్పినం?"

ఆయన చీటీ కౌంటర్ మీద పడేసి ఫోన్ అందుకున్నాడు. నేను పూర్తి పట్టీ తీసి, కత్తిరించకుండా, దాని వెనక తెలుగులో రాసి ఇచ్చాను. ఆమెకు చదవడం రాదు, కోడలికి వచ్చు.

చాచీ పట్టీని సంచిలో పెట్టుకుంది. వెళ్లకుండా మెట్టు పట్టుకుని నిలబడింది.

"బిడ్డా, కడుపు సంగతి సరే. మరి మోకాళ్లకు ఏం జెయ్యాలె?"

పారాసిటమాల్ కొంత నయమని, కడుపును అంత పాడుచేయదని, డాక్టర్‌ను అడిగి అదీ కొలత ప్రకారమే వేసుకోవాలని చెప్పాను. దాంతో ఆ మోకాళ్ల నొప్పి పోదని నాకు తెలుసు. ఏళ్ల తరబడి నేల మీద కూర్చుని కూర అమ్మిన మోకాళ్లవి. నా చదువులో దానికి జవాబు లేదు, మా దుకాణంలో ఉన్న జవాబు ఆమెను చంపబోయింది. ఆమె తల ఊపి, మూడు దఫాలుగా గోనెపట్టా మీదికి దిగి, కొత్తిమీర కట్టల మీద నీళ్లు చిలకరించడం మొదలుపెట్టింది.