కూరచేపలకు నేను పెట్టిన పేరు

మా అమ్మ చేపలమ్మి నన్ను ఎం.ఏ. దాకా చదివించింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగే రకం కాదు. గాజువాక వైపు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, నలభై దాటాక పీహెచ్‌డీలో చేరాను. మా ఆయనది ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, మా ఇల్లు కూర్మన్నపాలెంలో. "ఈ వయసులో నీకెందుకే" అన్నవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పేదాన్ని. చిన్న పడవలు ఒడ్డుకు తెచ్చిన చేపను ఎవరెవరు ఎలా పంచుకుంటారన్నది నా పరిశోధన. ఆ ఒడ్డున పుట్టినదాన్ని, నాకు తెలియనిది ఏముంటుంది, అదే నా జవాబు.

ఆ పంపకంలో కూరచేపలని ఒకటుంది. పడవ ఇసుక మీదికి ఎక్కగానే, వ్యాపారుల వేలంపాట మొదలవకముందే, పడవ పెద్ద కొంత చేపను పక్కకు తీసి కుప్ప పెడతాడు. అందులో సగం పడవ మీద వెళ్ళినవాళ్ళ ఇళ్ళకు. మిగతాది వేటకు వెళ్ళే మగవాడు లేని ఇళ్ళకు. అడిగి తీసుకునేది కాదు, పిలిచి ఇచ్చేదీ కాదు. ఆ ఇంటి ఆడమనిషి తట్ట పట్టుకొచ్చి నిలబడుతుంది, తట్టలో చేప పడుతుంది, వెళ్ళిపోతుంది. నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్న వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా పొయ్యి మీద ఉడికింది ఆ కుప్పలోని చేపే.

మా గైడు ఒక పెద్ద వయసు మేడమ్. నోట్సు చేత్తోనే రాస్తారు, ఎడమ అంచున ప్రతి మాటకూ పేజీ నంబరు వేస్తారు. "పేజీ లేని నోట్సు, చిరునామా లేని ఉత్తరం అమ్మా" అనేవారు. నేను బయటికొచ్చి నవ్వుకునేదాన్ని. ఒకసారి ఆవిడ ఒక పెద్ద ఇంగ్లీషు వ్యాసం ఇచ్చారు. తూర్పు తీరంలో వేలానికి ముందు జరిగే పంపకాల గురించి ఇద్దరు పరిశోధకులు రాసింది. ముప్పై ఎనిమిది పేజీలు, పేజీకి రెండు వరసలు, కంటికి ఆనని ఫుట్‌నోట్లు.

స్టాఫ్ రూములో మధ్యాహ్నం క్యారేజీ విప్పి, రెండో చేత్తో ఆ ఫైలును ఏఐలో పెట్టాను. పది పాయింట్లలో సారాంశం ఇమ్మన్నాను. నేను అన్నంలో పెరుగు కలుపుకునేలోపు ఇచ్చేసింది. ముందు సారాంశం చూసి, తర్వాత అసలు వ్యాసం చదువుదామనే నా ఉద్దేశం. చదివాను కూడా. అబద్ధం ఎందుకు, అక్షరాల మీద కళ్ళు పరుగెత్తించాను. అప్పటికే ఆ పది పాయింట్లు తలలో ఉన్నాయి కాబట్టి, వ్యాసంలో ఆ పదే కనిపించాయి. మిగతాదంతా వాటి మధ్య ఉన్న ఖాళీలా దాటిపోయింది.

మూడో పాయింటులో ఒక మాట ఉంది, "ప్రీ-ఆక్షన్ లీకేజీ" అని. వేలానికి ముందే కారిపోయే సరుకు అన్నమాట. ఎంత బిగువుగా ఉందో అనిపించింది. నేను పేరా రాస్తే గానీ తెమలని సంగతి రెండు ముక్కల్లో తేలిపోయింది. నోట్సులోకి ఎక్కించాను. కోట్ పెట్టలేదు, పేజీ వెయ్యలేదు, అది సారాంశంలోని మాటని కూడా రాసుకోలేదు. మిగతా పాయింట్లను "సొంత మాటల్లో" రాశాను. నా సొంత మాటలంటే ఏముంది, దాని వాక్యంలో ఒక "అందువల్ల" తీసి "కాబట్టి" పెట్టడం.

రెండు నెలలు గడిచేసరికి ఆ మాట నాదైపోయింది. కాలేజీ సెమినార్‌లో అన్నాను, తోటి లెక్చరర్ ఒకాయన డైరీలో రాసుకున్నాడు. నాకు గర్వంగా అనిపించింది. చాప్టర్లో ఒక శీర్షిక అయింది. చివరికి ఒడ్డున అడగడానికి నేను తయారుచేసిన ప్రశ్నల్లోకి తెలుగులో దిగింది. ఏడో ప్రశ్న: "వేలానికి ముందు మీ పడవలో ఎంత సరుకు లీకవుతుంది? దానికి కారణాలేమిటి?"

ఆ కాగితాలు పట్టుకుని మొదట మా మావయ్య దగ్గరికే వెళ్ళాను. అమ్మకు తమ్ముడు, ఒక ఫైబర్ పడవకు పెద్ద. పొద్దున్న పడవలొచ్చే వేళ. ఇంకో నాలుగు పడవలవాళ్ళు కూడా చుట్టూ చేరారు. ఆరు ప్రశ్నల దాకా నవ్వుతూనే చెప్పారు. ఏడోది చదివాను.

"లీకవడమేటి కోడలా?" అన్నాడు మావయ్య. "పడవకి సిల్లేటి లేదే."

"అది కాదు మావయ్యా. పాటకి ముందే బయటికి పోయే సరుకు. కూరచేపలు, అవీ."

"పోవడమేటి? మనోళ్ళకే కదేటి ఇత్తన్నాం." మావయ్య కాగితం వైపు చూశాడు. "ఇది ఎవులికిస్తావు నువ్వు?"

"యూనివర్సిటీకి."

"ఓహో," అన్నాడు. తర్వాత ప్రశ్నలకు అవును, కాదు తప్ప ఇంకేమీ రాలలేదు. వాళ్ళకు తొందరగా ఉందేమో అనుకుని నేను బస్సెక్కాను. అంత చదివినదాన్ని, మా మావయ్య ముఖం చదవలేకపోయాను.

రెండు వారాల తర్వాత అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఇప్పటికీ ఆ పేటలోనే ఉంటుంది, ఆ ఒడ్డునే చేప కొని అమ్ముతుంది.

"ఏటే, ఒడ్డుకొచ్చి ఏటడిగినావు నువ్వు?"

"ప్రశ్నలమ్మా. చదువుకి."

"నీ సదువు మండిపోను. కూరసేపలు తియ్యడం మానేసినారు. నీ మావ పడవే కాదు, ఐదు పడవలూ. నీ కాగితం సూసి ఆపీసరొత్తాడంట, పాటలో పెట్టని సేప దొంగసరుకంటాడంట. మొన్న పెనివిటి పోయిన ఆ పిల్ల లేదూ, తట్టట్టుకుని గంటసేపు నిలబడి ఒట్టి తట్టతో ఎల్లిపోనాది. నాను కళ్ళారా సూసినాను."

నా నోట వచ్చిన మొదటి మాట నన్ను నేను కాపాడుకునేదే. "అది నా మాట కాదమ్మా. పెద్దపెద్దవాళ్ళు రాసిన మాట."

"ఏ పెద్దోడే? పేరు సెప్పు. ఆడి ఇంట్లో మగోడు పోతే ఆడి పెళ్ళాం ఏటి తిన్నాదో నాను అడుగుతాను."

ఫోన్ పెట్టేశాక వ్యాసం తెరిచాను, ఆ పెద్దవాళ్ళ పేజీ పట్టుకుందామని. ఆ మాట కొట్టి వెతికించాను. ఒక్కచోటా లేదు. స్పెల్లింగ్ మార్చి వెతికాను. లేదు. ముప్పై ఎనిమిది పేజీల్లో ఎక్కడా లేదు. సారాంశం ఇచ్చిన ఏఐనే అడిగాను, ఇది వ్యాసంలో ఎక్కడుందని. రచయితల భావం అదేనని తిప్పి చెప్పింది. ఆ మాట ఉన్న వాక్యం చూపించమంటే, ఆ మాట వ్యాసంలో యథాతథంగా లేదనీ, క్లుప్తంగా చెప్పడానికి తాను వాడిందనీ, పొరపాటుకు క్షమించమనీ రాసింది. దాని మీద కోప్పడి ఏం లాభం? పది ముక్కల్లో చెప్పమన్నది నేను. పది ముక్కల్లో పట్టనివి వదిలేసింది. వదిలేసినవి ఏమిటో చూసుకోవాల్సింది నేను.

అప్పుడు కూర్చుని ఆ వ్యాసం మొదటిసారి చదివాను. పదకొండో పేజీలో ఆ ఇద్దరూ ఎంతో ఆచితూచి రాశారు. ఇలా పక్కకు తీసిన చేప రేవు లెక్కల్లో కనిపించదు, అయితే జాలర్లు దీన్ని అమ్మకపు సరుకుగా ఎన్నడూ భావించలేదు, కాబట్టి దీన్ని నష్టమనో లెక్క తప్పించడమనో అనడం సరికాదు. ఈ మాటలు నా తెలుగులో చెబుతున్నాను. కింద ఫుట్‌నోటులో ఇంకొకటుంది. ఆ తీరంలో దీన్ని కూరకు తీసే చేప అంటారని, దానికి ఇంగ్లీషులో సరైన మాట తమకు దొరకలేదని. వాళ్ళకు దొరకలేదు. ఆ మాట మా అమ్మ నోట వింటూ పెరిగిన నేను, దాన్ని వదిలి లీకేజీ తెచ్చి పెట్టుకున్నాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడ్చాను.

మర్నాడు నోట్సు మొత్తం మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ తిట్టలేదు. ఎర్ర పెన్ను ఇచ్చి, "రచయితలవి కాని మాటలకు గీత పెట్టండమ్మా" అన్నారు. మొదటి పేజీలో పెట్టాను. రెండో పేజీలో చెయ్యి ఆగిపోయింది. ఏది వ్యాసంలోదో, ఏది సారాంశంలోదో, ఏది నా ఆలోచనో నాకే తెలియడం లేదు. అన్నీ ఒకే నున్నటి గొంతుతో ఉన్నాయి. అరవై పేజీల నోట్సు, పద్నాలుగు వ్యాసాలు.

"ఇది ఎంగిలి పడిపోయింది. మళ్ళీ చదవండి," అన్నారు ఆవిడ. "సారాంశం చూడొద్దనను. ఏ వ్యాసం చదవాలో తేల్చుకోడానికి చూడండి. నోట్సు మాత్రం వ్యాసం చదివి, మూసేసి, మీ నోటికి వచ్చినట్టు రాయండి. తర్వాత తెరిచి పేజీతో సరిచూసుకోండి." ఆ పని నాకు ఎనిమిది నెలలు పట్టింది. చాప్టర్ పోయింది, గడువు పొడిగించమని అర్జీ పెట్టుకున్నాను. అది నాకు పెద్ద బాధ కాలేదు.

అన్నిటికన్నా ముందు చేసింది ఒడ్డుకు వెళ్ళడం. ఐదు పడవలవాళ్ళనూ కలిశాను. ఏడో ప్రశ్న ఉన్న కాగితాలన్నీ వాళ్ళ ముందే చింపాను. ఏ ఆఫీసరూ రాడు, ఆ మాట నాదీ కాదు, చదువుకున్నవాళ్ళదీ కాదు, తప్పు నాది అని చెప్పాను. అది ఎవరి మాటో చెప్పబోయి, చెప్పలేక ఊరుకున్నాను.

"మరేటి పర్లేదు కోడలా," అన్నాడు మావయ్య. "నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారేటి." ఆ వారంలోనే కూరచేపలు మళ్ళీ తీయడం మొదలుపెట్టారు. ఆ పిల్ల తట్ట కూడా నిండుతోందని అమ్మ చెప్పింది. నా గుండె బరువు దిగింది.

మొన్న ఒక ఆదివారం పుస్తకం లేకుండా, సంచీ లేకుండా, ఊరికే చూసి వద్దామని వెళ్ళాను. మావయ్య పడవ అప్పుడే ఇసుక మీదికి ఎక్కింది. పక్కన కూరకు తీసిన కవ్వళ్ళు కుప్పగా పోసి ఉన్నాయి, ఆడవాళ్ళు తట్టలతో నిలబడ్డారు. నేను రావడం మావయ్య చూశాడు. భుజం మీద తువ్వాలు తీసి ఆ కుప్ప మీద కప్పాడు. తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎప్పుడొచ్చినావు కోడలా? టీ తాగుతావేటి?" అన్నాడు, ఎప్పటిలాగే నవ్వుతూ.

తాగుతాను మావయ్యా, అన్నాను.