ఏడో పేరాలోని అత్త

ఎల్‌బీ నగర్‌లో కోర్టుకు దగ్గరి సందులో నాదో చిన్న టైపింగు దుకాణం. టైపు మిషను మీద మొదలుపెట్టినవాణ్ణి, ఇప్పుడు కంప్యూటర్ మీద కొడుతున్నాను. బడిలో ఏడో తరగతి దాటలేదు. ఇంగ్లీషైనా చట్టమైనా నేర్చుకున్నది దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లోంచీ, నేను కొట్టిన పిటిషన్లలోంచీనే. వకీళ్లు నల్లకోటు వేసుకుని వాదిస్తారు. వాళ్లు వాదించే మాటలు ముందు నా వేళ్ల మీదుగా పోతాయి. ఆ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేనూ చాలా ఏళ్లు తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నల్లగొండ వైపు మనిషి, కొత్తపేటలో జాకెట్లు కుడుతుంది. ఎనిమిదో తరగతి చదివే కూతురుంది. డ్రైవరు పని చేసే భర్త ఆరేళ్ల కింద ఇల్లు వదిలి అబ్దుల్లాపూర్‌మెట్‌లో వేరే ఉంటున్నాడు. ఆమె చేతిలో కోర్టు సమన్లు, వాటి వెనక ఇంగ్లీషు పిటిషన్.

"సార్, గిది జర సదివి చెప్తరా? ఏం రాసిండో తెల్వాలె."

కూర్చోమని అందుకున్నాను. విడాకులు కావాలంటూ భర్త వేసిన పిటిషన్ అది. కారణం క్రూరత్వం. ఒక్కో పేరా తెలుగు చేసి చెప్పుకుంటూ పోయాను. పెళ్లి తేదీ, కాపురం పెట్టిన ఊరు, కూతురు పుట్టడం. ఆమె ఊ కొడుతోంది. ఏడో పేరా దగ్గర నా గొంతు తగ్గింది.

"నువ్వు మీ అత్తను చెప్పుతో కొట్టినవట. ఒంటి మీద కిరోసిన్ పోసుకొని సస్తనని బెదిరించినవట."

ఆమె నా మొహం చూసింది. ముందు నవ్వొచ్చింది ఆమెకు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"మా అత్తనా? ఆమె సచ్చిపోయిన రెండేండ్లకు గదా సార్ నా పెండ్లయింది! ఆమె మొకమే నేను సూడలే. ఇంట్ల ఫోటో ఉంటే ఏటేటా దండేసి దండం పెడుత. గాయన ఇల్లిడిసి పోయినంక గూడ పెడుతున్న."

ఆ పేరా నాది. మూడు నెలల కింద ఒక వకీలు గుమస్తా హడావిడిగా వచ్చి, "మాస్టారూ, క్రూరత్వం కేసండీ, మామూలు పేరా వేసేయండి" అన్నాడు. నా కంప్యూటర్లో ఆ మామూలు పేరా ఎప్పటినుంచో ఉంది. ఎవరో ఒకప్పుడు నిజంగా పడ్డ బాధ అది. దాన్ని నేను ఎన్ని కాపురాలకు అతికించానో నాకే తెలియదు. అత్త బతికుందో లేదో అడగాలని తోచలేదు.

"బిడ్డా, నీకు ఆయనతోని ఉండాలనుందా?" అని అడిగాను.

"లేదు సార్. ఆయనకు లేదు, నాకు లేదు. కొట్టుకున్నది లేదు, తిట్టుకున్నది లేదు. ఎందుకో పొసగలే. గట్లనే రాయొచ్చు గదా?"

అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. రాయకూడదు! హిందూ వివాహ చట్టంలో కాపురం చచ్చిపోయింది అన్నది ఒక కారణం కాదు. తప్పు ఎవరిదో చూపించాలి. క్రూరత్వమో, వ్యభిచారమో, రెండేళ్లకు పైగా వదిలేసి పోవడమో, ఇంకేదో చట్టం చెప్పిన కారణమో ఉండాలి. ఇక్కడ వదిలేసి పోయింది భర్తే. తను చేసిన తప్పునే కారణంగా చూపి విడాకులు అడగడానికి వీల్లేదు. అందుకని ఆమె నెత్తిన లేని తప్పు పెట్టారు. పెళ్లి కోలుకోలేనంతగా విరిగిపోతే అదే చాలు అనే మార్పు తెమ్మని పెద్దలు నివేదికలు ఇచ్చారు, బిల్లు కూడా వచ్చి పోయింది. సుప్రీంకోర్టు తనకున్న ప్రత్యేక అధికారంతో అలా విడదీయగలదు. కొత్తపేటలో జాకెట్లు కుట్టే మనిషి ఢిల్లీ దాకా ఎట్లా పోతుంది? ఇన్నేళ్లూ నేను చూసింది ఇదే: మర్యాదగా విడిపోదామనుకున్నవాళ్లను కూడా చట్టమే తిట్టుకోమంటుంది.

మరో మాట కూడా చెప్పాల్సి వచ్చింది. విడాకులప్పుడు శాశ్వత భరణం తేల్చేటప్పుడు కోర్టు ఇద్దరి ఆదాయంతోపాటు నడవడికనూ చూడొచ్చు. ఏడో పేరా నిజమని తేలితే ఆమెకొచ్చే భరణం మీద దెబ్బ పడొచ్చు. ఆమె కాగితం మీద చెయ్యి పెట్టింది.

"పైసల సంగతి తర్వాత సార్. నా బిడ్డ ఇంగ్లీష్ మీడియం. రేపు గిది సదివితే?"

అప్పుడు చెప్పాను, ఆ పేరా కొట్టింది నేనే అని. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీరు పెద్దోళ్లు గదా, ఒక్క మాట అడగొద్దా?" అంది.

కోర్టు ఆవరణలోనే ఉచిత న్యాయ సహాయం ఉంది, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఇస్తారు. అక్కడికి వెంటబెట్టుకుపోయాను. వాళ్లిచ్చిన వకీలమ్మ ఆ పిటిషన్‌కు జవాబుగా కౌంటరు వేసి, అత్త మరణ ధ్రువపత్రం ఊరి పంచాయతీ నుంచి తెప్పించి జత చేసింది. కేసు నడిచినన్నాళ్లూ మధ్యంతర భరణం కావాలని మరో దరఖాస్తు పెట్టింది. దానికోసం ఇద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్లు వేశారు. తర్వాత ఫ్యామిలీ కోర్టు వాళ్లను కౌన్సెలింగ్‌కు పంపింది. రెండు మూడు సార్లు కూర్చున్నాక ఇద్దరూ పరస్పర అంగీకారంతో విడాకులకు ఒప్పుకున్నారు. ఏడాదికి పైగా విడిగా ఉన్నవాళ్లు, కలిసి బతకలేమని ఇద్దరూ చెబితే చాలు. ఎవరి తప్పూ రాయక్కర్లేదు. చట్టంలో ఆ ఒక్క కిటికీ ఉంది, కానీ ఇద్దరూ కలిసి తెరవాలి.

ఆ ఉమ్మడి పిటిషన్ కొట్టించడానికి భార్యాభర్తలూ, వకీలమ్మా, అదే గుమస్తా నా దుకాణానికే వచ్చారు. భర్త గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నేను గట్ల చెప్పలే," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. "కలిసుండుడు అయితలేదని చెప్పిన, గంతే. ఇంగ్లీష్‌ల ఉండె, దస్కత్ పెట్టుమంటే పెట్టిన."

"మీ అమ్మను గూడ కోర్టుకు గుంజినవ్," అంది ఆమె.

"నాకు తెల్వదే!"

"తెల్వకుండనే దస్కత్ పెట్టుడు నీకు అలవాటే. పెండ్లికార్డు గూడ గట్లనే సదవలే నువ్వు."

అతను నవ్వబోయి ఆగాడు. ఆరేళ్ల తర్వాత వాళ్లు మాట్లాడుకున్న తీరు అది. విడిపోవడానికి వచ్చినవాళ్లలాగా లేదు, ఒకే ఊరి మనుషుల్లాగా ఉంది.

గుమస్తా చెప్పుకుంటూ పోయాడు, నేను కొట్టాను. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలన్న గడువు మాఫీ చేయమని దరఖాస్తు కూడా కొట్టాను. చివర్లో అతను, "ఇకముందు భార్య ఏ రకమైన భరణమూ కోరదు, మామూలు వాక్యమేనండీ" అన్నాడు.

నా వేళ్లు ఆగాయి. "మామూలు అనే మాట నా దగ్గర ఇక చెల్లదు. ఆమెను అడుగు."

"తీసేయున్రి," అంది ఆమె. "నెలనెలా నాకెంత, బిడ్డకెంత అని మాట్లాడుకున్నం గదా. గంతనే రాయున్రి. రేపు నా కండ్లు పోయి కుట్టలేకపోతే మల్ల కోర్టుకు రావొద్దా?"

భర్త తల ఊపాడు. గుమస్తా పెదవి విరిచాడు.

"ఇంకొకటుంది," అంది ఆమె. "గా పాత కాగితం కోర్టుల ఉంటదా సార్?"

"ఉంటది బిడ్డా. కేసు వెనక్కి తీసుకున్నా రికార్డు ఉంటది."

"అయితే గిండ్ల రాయున్రి. మా అత్త నా పెండ్లికి ముందే సచ్చిపోయిందని. నేను ఆమెను ఎన్నడు సూడలేదని."

"అలాంటివి ఇందులో అక్కర్లేదమ్మా," అన్నాడు గుమస్తా. "పాత ఆరోపణలన్నీ ఉపసంహరించుకున్నాం అని ఒక్క ముక్క సరిపోతుంది."

"మీకు సరిపోతది," అంది ఆమె. వకీలమ్మ, "ఉంటే నష్టమేం లేదు, రాయండి" అంది. భర్త గుమ్మం దాటి లోపలికొచ్చి, "రాయున్రి సార్. నేను ఒప్పుకుంటున్న" అన్నాడు.

కొట్టాను. ఇన్నేళ్లలో నా దుకాణంలో ఎక్కడా లేని వాక్యం అది. ఆమెకు తెలుగులో చదివి వినిపించాను, రెండుసార్లు చదవమంది. అతనికీ చదివి వినిపించాను. అప్పుడు సంతకాలు పెట్టారు.

వాళ్లు పోయాక కంప్యూటర్లోంచి ఆ మామూలు పేరా తీసేశాను. పై వారమే మరో గుమస్తా వచ్చి క్రూరత్వం కేసు, మామూలుది వేసేయమన్నాడు. "మామూలుది లేదు. కేసు వేసే ఆయన్ని పిలువు, జరిగింది చెప్తే రాస్తా," అన్నాను. విసుక్కుని పక్క దుకాణానికి పోయాడు.

పక్క దుకాణంలో ఆ పేరా ఉంది. నా దగ్గర ఎప్పుడో కాపీ చేసుకున్నదే.