తొమ్మిదో పేజీలో “స్పష్టమే”

మా లెక్కల మాస్టారు పందొమ్మిదేళ్లు ఒకే నిరూపణ మీద కూర్చున్నారు. రిటైరయ్యాక దాన్ని తప్పులు చూడమని నాకిచ్చారు. “స్పష్టమే అని రాసినచోట ఆగు, కన్నం అక్కడే ఉంటుంది” అని క్లాసులో నేర్పింది ఆయనే. తొమ్మిదో పేజీలో ఆగాను.

“మాస్టారూ, ఈ ధన సంఖ్యల్లో అతి చిన్నదాన్ని తీసుకున్నారు. ఇవి పూర్ణాంకాలు కావు కదండీ. సగం, పావు, అరపావు అంటూ తగ్గుతూనే పోతే, అతి చిన్నదంటూ ఉండకపోవచ్చు.”

మిగతా ముప్పై పేజీలూ ఆ సంఖ్య మీదే నిలబడ్డాయి. నా నోరు పడిపోయినా బాగుండేది. ఆయన ఎర్ర పెన్నుతో “స్పష్టమే” అన్న మాట కింద గీత గీశారు.

“నీకు పాఠం ఇంత బాగా చెప్పానా అమ్మా?”