గుండ్రటి మూలలు, నిండు బకెట్లు

ఇది మహాకావ్యానికి సరిపడే కథ. ఇందులో సముద్రం ఉంది, బిడ్డకీ ఉద్యోగానికీ మధ్య నలిగిన తల్లి ఉంది, పంతం పట్టిన రాజమాత ఉంది, చివర్లో ఒక త్యాగం కూడా ఉంది. కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు దగ్గర పెట్టుకోండి.

తువ్వాలు అక్కర్లేదు. సముద్రం ఉన్నమాట నిజమే గాని, ద్వీపంలో అది అందరికీ ఉంటుంది, మా గొప్పేమీ కాదు. రాజమాత మా అమ్మ. మిగిలిందంతా డాలీగంజ్‌లో మా ఇంటి ముందు భాగాన్ని మా వదిన పసిపిల్లల క్రెష్‌గా మార్చిన సంగతి.

మా వదిన అంతకుముందు ఒక ప్రైవేటు నర్సరీలో ఆయాగా చేసింది. పిల్లలు ఆవిడ దగ్గర అన్నం తింటారు. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు ఏడాదిన్నర పిల్లకి అన్నం పెట్టి చూడండి. అన్నయ్య చేపల బోటు మీద పోతే ఎప్పుడొస్తాడో గాలికి తెలియాలి. అందుకని ఇంటి పట్టునే ఏదైనా చేయాలని ఆవిడ నిర్ణయించింది. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం పిలుస్తుందేమోనని ఇంట్లో ఉన్నాను. అది పిలవలేదు, వదిన పిలిచింది.

"ఏటయ్యా, పొద్దస్తమానం పడుకుని పైకప్పు చూస్తావు. కాస్త లేచి నేల కూడా చూడు."

నేల చూశాను. చూడటమంటే మోకాళ్ళ మీద పాకుతూ చూశాను. పసిపిల్లల గది కట్టేవాడు పసిపిల్ల ఎత్తు నుంచి చూడాలని నేనెక్కడో చదివాను. మోకాళ్ళ మీద పాకితే మన ఇల్లు మనకే శత్రువులా కనబడుతుంది. కరెంటు ప్లగ్గులు సరిగ్గా ముఖానికి ఎదురుగా ఉన్నాయి. గడప ఒక కొండ. కిటికీ రెక్క మూల నా నుదుటికి తగిలింది, దాంతో మొదటి లోపం ఏ కొలతా లేకుండా దొరికింది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి నన్ను చూసింది. "ఏటైందిరా, పడిపోయావా?"

"లేదమ్మా, డిజైన్ చేస్తున్నాను."

"డిప్లొమా చదివితే ఇలాగే అవుతారేటి?" అని వదినని అడిగింది.

మేస్త్రీతో ఇంకో ముచ్చట. స్తంభాల అంచులు, అరుగు అంచులు, కిటికీ గట్లు అన్నీ గుండ్రంగా పూయమన్నాను. ఆయన తాపీ కింద పెట్టేశాడు. "అరే భయ్యా, మూల అంటే మూల లాగ ఉండాల. నేను దారం పట్టి కట్టినవన్నీ గోల్ చేసేస్తే నా ఇజ్జత్ ఏం కాను?" పిల్ల తల పగిలితే మన ఇజ్జత్ ఏమవుతుందని అడిగాను. ఆయన ఆలోచించి, సిమెంటు మెత్తగా ఉన్నప్పుడే చిన్న సీసా అడుగుతో మూలలన్నీ లాగాడు. పని బాగా కుదిరింది. మర్నాటి నుంచి అది తన ఆలోచనే అని వీధిలో చెప్పుకున్నాడు.

గడప తీసేసి చిన్న వాలు పెట్టాం. ప్లగ్గులు మనిషి చేతికందే ఎత్తుకి ఎక్కించాం. తలుపు రెక్కకీ చట్రానికీ మధ్య సందులో వేళ్ళు నలగకుండా బందుల వైపు రబ్బరు పట్టీ కొట్టాం. పడుకునే చోటు వీధి తలుపుకి దూరంగా, లోపలి గదిలో పెట్టాం. మధ్య గోడ నడుము ఎత్తుకి కోసేశాం, వదిన ఇవతల కూర్చున్నా ప్రతి పరుపూ కనబడేలా. పరుపులు చేయి చాపినంత ఎడంగా, ఒకళ్ళ తల దగ్గర ఇంకొకళ్ళ కాళ్ళు వచ్చేలా. గోడ మీద, పిల్లల తలల పైన, ఏమీ వేలాడకూడదు. అమ్మ అక్కడ దేవుడి పటం పెడతానంది. దేవుడు పడితే దెబ్బ ఎక్కువని చెప్పి ఎదురు గోడకి మార్పించాను.

కడుక్కునే చోటు నా అభిమాన విషయం. పెద్దవాళ్ళకి కాదు, పిల్లల చేతులకి అందే ఎత్తులో చిన్న బేసిన్, తిప్పడం తేలికైన కుళాయి. కాలు జారని గరుకు టైల్స్. డైపర్ మార్చడానికి అంచు లేచిన గట్టు, దాని పక్కనే వదిన చేతులు కడుక్కోవడానికి వేరే కుళాయి, వంటింటికి దూరంగా. కుళాయిలకి నీళ్ళు మేడ మీది ట్యాంకు నుంచి. నీళ్ళు పట్టి ఉంచే పని లేదు. ఆ చివరి మాట నేను అందరికీ చెప్పాననుకున్నాను. అమ్మకి చెప్పలేదు.

ఇక వీధి వైపు. బిడ్డని అప్పజెప్పే చోట రెండు సగం తలుపులు, మధ్యలో చిన్న బెంచీ. ఒకటి మూశాకే ఇంకొకటి తీయాలి. గడియలు పెద్దవాళ్ళ ఎత్తులో. లోపల ఆడుకునే పిల్లలకి వీధి కనబడకుండా ఒక తడిక, ఎందుకంటే ఒకళ్ళ అమ్మ కనబడితే అందరికీ అమ్మ గుర్తొస్తుంది. అప్పజెప్పిన మనిషికే, లేదా వాళ్ళు ముందే చూపించిన మనిషికే, బిడ్డని తిరిగి ఇవ్వాలి. ఇది మా వీధిలో వింతే. మా వైపు ఎవరి పిల్లని ఎవరైనా ఎత్తుకుపోయి అన్నం తినిపించి తెస్తారు.

ఇక మొదటి పిల్ల. మా వెనక లైన్లో అద్దెకుండే సిస్టర్ కూతురు. సిస్టర్ ఆసుపత్రిలో నర్సు, సెలవు అయిపోయింది, సోమవారం డ్యూటీలో చేరాలి. భర్త ఓడ మీద పని, ఇంట్లో కంటే నీళ్ళ మీదే ఎక్కువుంటాడు. క్రెష్ నచ్చకపోతే పిల్లని రంగత్‌లో అమ్మమ్మ దగ్గరికి పంపాలి. రంగత్ దూరం బస్సులో రోజంతా కూర్చుని పోయేవాళ్ళకి తెలుసు. తల్లి డ్యూటీలు చూసుకుని నెలకోసారి పోయి, కూతురికి తనెవరో మళ్ళీ పరిచయం చేసుకోవాలి. ఆవిడతో పనిచేసే ఇంకో ముగ్గురు "నువ్వు పెడితే మేమూ పెడతాం" అన్నారు. అంటే ఆవిడ కాదంటే వదినకి గుండ్రటి మూలలే మిగులుతాయి.

శనివారం ఆవిడ పిల్లతో చూడటానికొచ్చింది. స్తంభం మూల మీద అరచేయి వేసి కిందిదాకా రాసింది. రబ్బరు పట్టీ నొక్కింది. పరుపుల మధ్య ఎడం చూసి, "హాస్పిటల్లో కూడా ఇంత జాగా ఇవ్వరు దీదీ" అంది. వదిన మొహం వెలిగింది. నేను వెనక చేతులు కట్టుకుని పెద్ద ఇంజనీరులా నిలబడ్డాను.

పిల్ల నేల మీదకి దిగింది. తలుపు తీసి ఉన్న కడుక్కునే గదివైపు తిన్నగా పోయింది. మేం వెనకాలే వెళ్ళాం.

ఆరోజు పంపులో నీళ్ళొచ్చిన రోజు.

మా దగ్గర పంపు నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజున ఖాళీ గిన్నె కనబడితే మా అమ్మకి నిద్ర పట్టదు. పొద్దున్నే ఇంట్లో ఉన్నవన్నీ పట్టేసి, చాలక, వదిన క్రెష్ కోసం కొన్న కొత్త బకెట్లన్నీ పట్టేసి, పిల్లల స్నానం టబ్బు కూడా అంచుల దాకా నింపి, చిన్న బేసిన్ కింద వరసగా పేర్చింది. మూతలు లేవు. ప్రేమతో చేసింది. నీళ్ళు అద్దంలా తళతళలాడుతున్నాయి.

పిల్ల టబ్బు అంచు పట్టుకుని, లోపల తన మొహం చూసి నవ్వి, దాన్ని ముట్టుకోవడానికి వంగింది. సిస్టర్ వెనకనుంచి చంకల్లో చేతులేసి ఎత్తేసింది. అంతే జరిగింది. పిల్ల చేయి మాత్రం తడిసింది.

"ఏమీ కాలేదు కదమ్మా," అన్నాను.

"పిల్లలు మునగడానికి సముద్రం అక్కర్లేదు భయ్యా," అంది సిస్టర్. "జానెడు నీళ్ళు చాలు. అరవరు కూడా. నేను చూశాను."

నాకు జోకు తట్టలేదు. అరుదైన సంగతి కాబట్టి చెబుతున్నాను.

అమ్మకి కోపమొచ్చింది. "మా పిల్లలందరూ ఈ బకెట్ల మధ్యనే పెరిగారమ్మా. నీళ్ళ రోజున నీళ్ళు పట్టకపోతే మర్నాడు ఏటి తాగుతారు?"

"పెరిగినవాళ్ళే కదమ్మా చెప్పడానికి మిగిలేది," అంది సిస్టర్ మెల్లగా. గొంతు పెంచలేదు. పిల్లని భుజాన వేసుకుని చెప్పులు వెతుక్కుంది.

వదిన ఆవిడని ఆపలేదు, బతిమాలలేదు. అమ్మ వంక చూసింది. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఒక్కో బకెట్టూ మోసుకుపోయి పెరట్లో మూతున్న డ్రమ్ములో పోసింది. నేను సాయానికి పోతే "తప్పుకో" అంది. టబ్బు మిగిలింది. డ్రమ్ము నిండిపోయింది. అమ్మ టబ్బుని ఒక పక్కకి ఎత్తి, నీళ్ళన్నీ తూముకి వంచేసింది.

నీళ్ళ రోజున నీళ్ళు పారబోయడం. ఇంట్లో బంగారం అమ్మినప్పుడు కూడా అంత నిశ్శబ్దం లేదు.

సిస్టర్ చెప్పులు తొడుక్కుని తూమువైపు చూస్తూ నిలబడింది. "సోమవారం తెస్తాను," అంది. "ఒక్క బకెట్టు తెరిచి కనబడినా ఇక్కడినుంచే పిల్లని రంగత్ బస్సెక్కిస్తాను."

ఆదివారం నేను కడుక్కునే గదికి కూడా సగం తలుపు, పైన గడియ పెట్టాను. బకెట్లన్నీ పెరటి గోడ మేకులకి ఎక్కాయి.

సోమవారం సిస్టర్ యూనిఫాంలో వచ్చింది. అమ్మ సలహా ఇచ్చింది: "పిల్లకి బొమ్మ చూపించి, అది అటు తిరగ్గానే తప్పించుకుపో." వదిన వద్దంది. "చెప్పి వెళ్ళాలి సిస్టర్. చెప్పకుండా పోతే రోజంతా తలుపే చూస్తుంది." సిస్టర్ బెంచీ మీద కూర్చుని, పోయొస్తానని కూతురికి చెప్పి, వదిన చేతికిచ్చి, మొదటి తలుపు మూసుకునేదాకా చూసి, రెండోది తీసుకుని వెళ్ళింది. పిల్ల ఏడుపుకి మా వీధి కుక్కలు లేచాయి.

నేను వీధిలోకి వస్తే సిస్టర్ ఇంకా గోడ పక్కనే ఉంది. "బస్సు పోతుందమ్మా," అన్నాను.

"ఏడుపు ఆగనీ భయ్యా."

ఆగింది. లోపల ఏదో గిన్నె మీద గరిటె మోత మొదలైంది. సిస్టర్ మొహం తుడుచుకుని, అసలు ఏడుపే లేనట్టు, బస్‌స్టాప్‌కి నడిచింది. చూసేవాళ్ళకి అదొక సినిమా ఘట్టం. నాకు కంట్లో దుమ్ము పడింది. వానాకాలం మొదలైంది కాబట్టి దుమ్మెక్కడిదని అడక్కండి.

సాయంత్రం ఆవిడ సగం తలుపు దగ్గరికి వచ్చేసరికి మేం ముగ్గురం పరీక్ష ఫలితాల ముందు నిలబడ్డట్టు నిలబడ్డాం. వదిన పద్ధతిగా చెప్పింది: ఏం తింది, ఎంతసేపు పడుకుంది, డైపర్ ఎన్నిసార్లు మార్చింది. సిస్టర్ తలూపుతూ వింది. "మా వార్డులో కూడా డ్యూటీ మారేటప్పుడు ఇలాగే చెప్పుకుంటాం," అంది. కడుక్కునే గదిలోకి తొంగి చూసింది. నేల పొడిగా ఉంది. తర్వాత పిల్ల దుప్పటి ముట్టుకుని ఆగిపోయింది.

"దీదీ, ఇది చెమ్మగా ఉంది."

వదిన మొహం పాలిపోయింది. "మధ్యాహ్నం తడిపితే ఉతికానమ్మా. వానకి ఆరలేదు."

సిస్టర్ దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుంది. పిల్లని ఎత్తుకుంది. రెండో తలుపు తీసి, గడియ వేస్తూ అంది:

"రేపు ఇంకో రెండు తెస్తాను."

వానాకాలంలో ఇక్కడ దుప్పటి ఆరడానికి రెండు రోజులు పడుతుంది. అందుకని పిల్లకి మూడుండాలి: ఒకటి పరుపు మీద, ఒకటి తీగ మీద, ఒకటి బీరువాలో.